తేడా 2,310 రూపాయలు

ఇంటర్ సీఈసీ నుంచి సీఏ ఫౌండేషన్ దాకా అకౌంటెన్సీ చదివేవాళ్లను తిప్పలు పెట్టే లెక్కల్లో తప్పుల సవరణ ఒకటి. అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, కుదరలేదు. డెబిట్ వైపు మొత్తం క్రెడిట్ కన్నా 2,310 రూపాయలు ఎక్కువ వచ్చింది. తప్పెక్కడో వెతికేలోగా పని ఆగకూడదు కాబట్టి, గుమాస్తా ఆ 2,310ని అనామతు ఖాతా అనే సస్పెన్స్ ఖాతాలో క్రెడిట్ వైపు రాసి రెండు వైపులూ సరిచేశాడు. తర్వాత ఒక్కో తప్పూ బయటపడింది.

సాధారణంగా విద్యార్థి మొదట చూసేది తప్పు పేరు: ఇది కమిషన్ తప్పా, సిద్ధాంత దోషమా? పేరు పట్టుకుంటే సగం దారిలోనే చిక్కుపడతాడు. అడగాల్సింది వేరే ఉంది. ఈ తప్పు వల్ల అంకణా చెడిందా? చెడితేనే అనామతు ఖాతాకు పని.

రవికి 540 రూపాయల సరుకు అరువుపై అమ్మారు. అమ్మకాల పుస్తకంలో 540 అనే రాశారు గానీ, ఆవర్జాలో రవి ఖాతాకు ఎక్కించేటప్పుడు 450 వేశారు. అమ్మకాల ఖాతా సరిగ్గానే ఉంది, రవి ఖాతాలో మాత్రం 90 తక్కువ. ఒక వైపే చెడింది కనుక సవరణ ఇలా: రవి ఖాతా డెబిట్ 90, అనామతు ఖాతా క్రెడిట్ 90. ఇప్పుడు అదే 450ని అమ్మకాల పుస్తకంలోనే పొరపాటున రాశారనుకోండి. అక్కడి నుంచి రవికీ 450 వెళ్తుంది, నెలాఖరు మొత్తంలోనూ 90 తగ్గుతుంది. రెండు వైపులా ఒకే తేడా, అంకణాకు ఏమీ తెలియదు. అప్పుడు రవి ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్, అంతే. అందుకే ప్రశ్నలో ‘పుస్తకంలో రాశారు’ అన్నారా, ‘ఖాతాకు ఎక్కించారు’ అన్నారా అన్నది రెండుసార్లు చదవాలి. మార్కులు పోయేది చాలావరకు ఇక్కడే. రవికి బదులు రాజు ఖాతాలో అదే వైపు, అదే మొత్తం వేస్తే అదీ కమిషన్ తప్పే. కానీ అనామతు ఖాతాతో దానికి సంబంధం లేదు.

మన లెక్కలో మొదటిరకం, అంటే ఖాతాకు ఎక్కించడంలో జరిగిన తప్పే ఉందనుకుందాం. దానితోపాటు అమ్మకాల పుస్తకం కూడికలో 1,000 తగ్గింది. అనామతు ఖాతా డెబిట్ 1,000, అమ్మకాల ఖాతా క్రెడిట్ 1,000. సురేశ్ ఇచ్చిన 700 అతని ఖాతాలో క్రెడిట్ బదులు డెబిట్ వైపు పడింది. తప్పుగా పడిన 700ని కొట్టేయాలి, పడాల్సిన 700ని రాయాలి. కాబట్టి సవరణ 1,400: అనామతు డెబిట్, సురేశ్ క్రెడిట్. 1,000, 1,400 కలిపితే 2,400. రవి తాలూకు 90 తీస్తే 2,310. ఖాతా ముగిసింది.

యంత్రం మరమ్మతుకు పెట్టిన 800ని యంత్రాల ఖాతాలో డెబిట్ చేయడం సిద్ధాంత దోషం. ఖర్చును ఆస్తిగా చూపారు. లాభం 800 పెరిగి కనిపిస్తుంది, అంకణా మాత్రం చక్కగా కుదురుతుంది. మరమ్మతుల ఖాతా డెబిట్, యంత్రాల ఖాతా క్రెడిట్. దీన్ని అనామతు ఖాతాలోకి లాగితే చివర్లో 800 మిగులుతుంది. మిగిలిన అంకెను చూసి కూడా తప్పు పట్టుకోవచ్చు: 800 మిగిలితే సిద్ధాంత దోషాన్ని అందులో కలిపారని, 700 మిగిలితే సురేశ్ విషయంలో రెట్టింపు మరిచారని అనుమానించాలి.

అన్నిటికన్నా దొంగ తప్పులు ఒకదాన్నొకటి సరిపెట్టుకునేవి. వేతనాల ఖాతాలో డెబిట్ 500 ఎక్కువ, ఒక రుణదాత ఖాతాలో క్రెడిట్ 500 ఎక్కువ పడ్డాయనుకోండి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ అంకణాను చెడగొట్టేదే, కలిసి మాత్రం తేడా చూపవు. పరీక్షలో రెండూ చెబుతారు కాబట్టి అనామతు ఖాతాలో ఒకసారి డెబిట్, ఒకసారి క్రెడిట్ రాస్తే సరి. లేదా రుణదాత డెబిట్, వేతనాలు క్రెడిట్ అని ఒకే పద్దు చాలు. దుకాణంలో ఎవరూ చెప్పరు. అనామతు ఖాతా సున్నా అయినా లాభం 500 తక్కువగానే, అప్పు 500 ఎక్కువగానే ఉండిపోతాయి.

తొలి తేడా ఎంతో చెప్పకుండా అడిగే ప్రశ్నలూ ఉంటాయి. అన్ని తప్పులూ దొరికాయన్న షరతు మీద, సవరణలన్నీ అనామతు ఖాతాకు ఎక్కించాక మిగిలే అంకే ఆ తేడా. సవరణల డెబిట్ మొత్తం ఎక్కువైతే, తొలి నిల్వ క్రెడిట్ వైపు ఉండేదని రాయాలి.