మీకు తెలుసా? మొదట కొట్టిన క్లాప్‌తో పని సగమే అయినట్టు

క్లాప్ అసలు దేనికి?
సినిమా ముహూర్తం రోజు ఎవరో పెద్దలు క్లాప్ కొట్టిన ఫొటో పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆ రెండు చెక్కలు కలిసిన ఫ్రేమునూ, ‘టప్’ మన్న శబ్దాన్నీ ఎడిటింగ్‌లో ఒకచోట పెట్టడానికే అది పుట్టింది. ఇంటర్వ్యూకి బోర్డు లేకపోయినా చప్పట్లు చాలు.

అండమాన్‌లోని గోల్ ఘర్‌లో ఓ తెలుగు ఇంటి ముందుగది అనుకుందాం. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగే. వాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం తీరంలో ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన ఓ పెద్దావిడ తన కథ చెబుతోంది. మూడు కెమెరాలు, సెకనుకి 25 ఫ్రేములు, విడిగా ఒక ఆడియో రికార్డర్. చప్పట్లు ఆవిడ ఛాతీ ఎత్తులో, దగ్గరగా కొట్టాలి. దూరంగా కొడితే క్లోజప్ కెమెరాకి చేతులు కనబడవు. ముందుగా చెప్పి కొట్టండి, లేకపోతే ఆవిడ ఉలిక్కిపడుతుంది.

మొదట కలిసిన మాట చివరికి పెదవులతో కలవకపోవచ్చు
కెమెరాలోనూ రికార్డర్‌లోనూ ఎవరి గడియారం వారిది. రెండూ ఒక్కలా నడవవు. మన పెద్దావిడ 70 నిమిషాలు మాట్లాడింది. మొదటి చప్పట్ల నుంచి చివరి చప్పట్ల దాకా కెమెరాలో 1,05,000 ఫ్రేములు ఉన్నాయి. రికార్డర్ శబ్దాన్ని అదే కొలతలో చూస్తే 1,04,998 ఫ్రేముల పొడవే. అంటే చివరికొచ్చేసరికి శబ్దం రెండు ఫ్రేములు, 80 మిల్లీసెకన్లు, ముందే వచ్చేస్తోంది.

శబ్దం వెనకబడితే మనం చాలావరకు సర్దుకుంటాం. మెరుపు మెరిశాకే కదా ఉరిమేది! ముందుకొస్తే మాత్రం వెంటనే పట్టేస్తాం. ప్రసార రంగం వాడే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం లెక్కలో శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుంటేనే తెలిసిపోతుంది, వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదు.

దీనికి మందు తేలికే. పదిహేడో నిమిషం దాటాక దొరికిన మౌనంలో శబ్దాన్ని కోసి, అక్కడి నుంచి ఒక ఫ్రేము ఆలస్యంగా వచ్చేలా జరపండి. యాభై రెండో నిమిషం దగ్గర మరో ఫ్రేము జరపండి. తేడా ఎక్కడా సుమారు అర ఫ్రేము దాటదు. అయితే చివరి చప్పట్లు లేకపోతే ఈ రెండు ఫ్రేముల లెక్కే దొరకదు. మధ్యలో ఏ కెమెరా ఆగినా, తిరిగి మొదలుపెట్టగానే దానికి కొత్తగా చప్పట్లు కొట్టాలి.

రెండో కెమెరా మరీ పక్కనే ఉంటే దండగ
రెండు కోణాల మధ్య కనీసం 30 డిగ్రీల ఎడం ఉండాలి, ఫ్రేము సైజు కూడా మారాలి. లేకపోతే కట్ చేసినప్పుడు ముఖం గంతు వేసినట్టుంటుంది. మూడు కెమెరాలూ పెద్దావిడకీ ప్రశ్నలడిగేవారికీ మధ్య గీసిన ఊహాగీతకి ఒకే పక్కన ఉండాలి.

గోల్ ఘర్‌లో కిటికీ వెలుగుని నమ్ముకోవద్దు. గడియారం భారత కాలమానంలో నడిచినా, సూర్యుడు అక్కడ సుమారు 41 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరు మొదట్లో ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. అప్పుడు కిటికీ పక్క కెమెరా రంగు ఒకటి, లోపలి కెమెరా రంగు ఒకటి అవుతాయి.

కట్ ఎక్కడో చెప్పేది క్రియ
తెలుగులో అసలు సంగతి వాక్యం చివర్లో ఉంటుంది. “మా ఆయన ఆ పొద్దు పడవెక్కి ఎల్లి...” అని ఆవిడ ఆగితే, తర్వాత “వచ్చీసినాడు” అంటుందో “రానేదు” అంటుందో ఇంకా తెలియదు. ఆ ఆగినచోట కట్ చేస్తే కథ విరిగిపోతుంది. క్రియ పడ్డాక ఒక ఊపిరి ఆగి, అప్పుడు కోణం మార్చాలి. అందుకే భాష తెలిసిన మనిషి రికార్డర్ సమయం చూస్తూ కట్ గుర్తులు రాసుకోవాలి. నాకైతే కెమెరామన్ కన్నా ఈ మనిషే ముఖ్యం.

ఇంకొకటి. ఊఁ కొట్టకపోతే మన పెద్దవాళ్లకి కథ సాగదు. కాబట్టి ఊఁ మానమనకండి, అడిగేవారికి వేరే మైకూ, వేరే ట్రాకూ ఇవ్వండి. ఎడిటింగ్‌లో దాన్ని తగ్గించుకోవచ్చు.

ఒకే పెట్టెలో రెండు ట్రాకులుంటే పూర్తి బ్యాకప్ కాదు
12 డెసిబెల్స్ తగ్గించి రెండో ట్రాక్ తీస్తే, ఆవిడ గట్టిగా నవ్వినా ఏడ్చినా మాట పగలదు. కానీ ఆ పెట్టె బ్యాటరీయో కార్డో పోతే రెండూ పోతాయి. ఆవిడ తల పైన, ఫ్రేము దాటి, మరో మైకు పెట్టి దాన్ని నేరుగా కెమెరాకి కలపండి. ఛాతీ మైకుకి కొంగో గొలుసో రాచుకుంటే అక్కరకొచ్చేది ఇదే. ఫ్యాను చప్పుడు హెడ్‌ఫోన్స్‌లోనే తెలుస్తుంది. ఉక్కకి ఫ్యాను ఆపలేకపోతే విరామాల్లో వేయండి, రికార్డింగ్ మాత్రం నడవనివ్వండి.

“అయిపోయిందమ్మా” అన్నాక చాలామంది అసలు మాట అప్పుడే చెబుతారు. చివరి చప్పట్లు దాని తర్వాత కొట్టండి.