రెండు మీటర్ల మధ్య ఎంత దూరం?

ఉబ్బసం ఉన్నవాళ్లకు డాక్టర్లు పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న పరికరం ఇస్తుంటారు. గుండెల నిండా ఊపిరి పీల్చి, దాని గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊదాలి. గాలి ఎంత జోరుగా బయటికొచ్చిందో అది నిమిషానికి ఇన్ని లీటర్లని చూపిస్తుంది. మొదట్లో వాడుకలో ఉన్న రైట్ మీటర్ పెద్దది. తర్వాత చేతిలో ఇమిడే మినీ మీటర్ వచ్చింది. మరి పెద్దదాని బదులు చిన్నదాన్ని నమ్మొచ్చా?

బ్రిటన్‌కు చెందిన గణాంక నిపుణులు మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లో వైద్య పత్రిక లాన్సెట్‌లో రాసిన వ్యాసంలో ఈ ప్రశ్ననే ఉదాహరణగా తీసుకున్నారు. బ్లాండ్ ఇంటివాళ్లు, తోటి ఉద్యోగులు కలిసి 17 మంది రెండు మీటర్లలోనూ ఊదారు. ఆ లెక్కలను వాళ్లు గీసి చూపిన పద్ధతికే ఇప్పుడు బ్లాండ్–ఆల్ట్‌మన్ ప్లాట్ అని పేరు. కొత్త పరికరాన్ని పాతదానితో పోల్చే వైద్య పరిశోధనల్లో ఈ బొమ్మ తరచూ కనిపిస్తుంది.

అంతకుముందు చాలామంది ఇలాంటి చోట సహసంబంధ గుణకం కట్టేవారు. ఒక మీటర్ అంకె పెరిగినప్పుడు రెండోదీ పెరుగుతోందా అని చెప్పే సంఖ్య అది. ఈ 17 మందిలో అది 0.94 వచ్చింది. గరిష్ఠం 1 కాబట్టి, రెండు మీటర్లూ ఒకటేనని అనిపిస్తుంది. కానీ చిన్న మీటర్ ప్రతిసారీ సరిగ్గా రెట్టింపు చూపించినా ఆ సంఖ్య 1 వచ్చేది. పైగా ఈ 17 మందిలో పెద్ద మీటర్‌పై 178 ఊదినవారూ ఉన్నారు, 656 ఊదినవారూ ఉన్నారు. మనుషుల మధ్యే అంత తేడా ఉన్నప్పుడు, మీటర్ల మధ్య తేడా అందులో మునిగిపోయి సహసంబంధం ఎక్కువగా కనబడుతుంది. వైద్యుడికి కావలసింది వేరే ప్రశ్న: ఒకే మనిషి ఊదితే ఈ రెండూ ఎంత దూరంలో ఉంటాయి?

బొమ్మ గీయడం సులువు. మొదటి మనిషికి పెద్ద మీటర్ 494 చూపింది, చిన్నది 512. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మైనస్ 18. రెండింటి సగటు 503. అడ్డంగా 503 దగ్గర, నిలువుగా సున్నాకు 18 కింద ఒక చుక్క పెట్టాలి. ఇంకొకరికి 423, 350 వచ్చాయి. తేడా ప్లస్ 73, కనుక ఆ చుక్క సున్నాకు బాగా పైన పడుతుంది. మరొకరికి 178, 259. తేడా మైనస్ 81, చుక్క అడుగున. ఇలా 17 మందికి 17 చుక్కలు.

అడ్డంగా పెద్ద మీటర్ అంకె కాకుండా సగటు ఎందుకు? పెద్ద మీటర్ కూడా తప్పు చూపించగలదు. అది పొరపాటున ఎక్కువ చూపినప్పుడు ఆ చుక్క కుడికి జరుగుతుంది, తేడా కూడా పెరుగుతుంది కాబట్టి పైకీ జరుగుతుంది. అప్పుడు నిజంగా లేని ఏటవాలు బొమ్మలో పుట్టుకొస్తుంది. సగటు వాడితే ఆ మోసం చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు మూడు అడ్డగీతలు గీయాలి. 17 తేడాల సగటు మైనస్ 2.1, అది నడిమి గీత. తేడాలు ఆ సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం 38.8. దానికి రెట్టింపు, అంటే 77.6, సగటుకు పైనా కిందా వేస్తే 75.5 దగ్గర ఒకటి, మైనస్ 79.7 దగ్గర ఒకటి గీతలు పడతాయి. ఇవే పొంతన హద్దులు. ఇప్పుడు రెట్టింపు బదులు 1.96 రెట్లు వేస్తారు, పెద్ద తేడా రాదు. చెదురు మామూలు తీరులో ఉంటే, నూటికి 95 తేడాలు ఈ హద్దుల మధ్య ఉంటాయని అంచనా.

నడిమి గీత సున్నాకు దగ్గరగా ఉంది కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ప్లస్ 62, మైనస్ 81 వంటివి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే సగటు సున్నా దగ్గరికి చేరడంలో వింత లేదు. నిజానికి సగటు తేడా అంత ప్రమాదకరమైంది కాదు. చిన్న మీటర్ ఎప్పుడూ 30 ఎక్కువ చూపిస్తుంటే 30 తీసేసుకోవచ్చు. చెదురును మాత్రం ఏ కూడికా తీసివేతా సరిచేయలేదు. పెద్ద మీటర్‌పై 450 వచ్చిన మనిషికి చిన్నది 375 చూపించొచ్చు, 530 చూపించొచ్చు. చికిత్సకు ఇది పనికిరాదని బ్లాండ్, ఆల్ట్‌మన్ తేల్చారు. సహసంబంధం 0.94 ఉన్న పరికరాలే ఇవి!

మరో పొరపాటు ఇంకా ఎక్కువగా కనబడుతుంది. 'దాదాపు చుక్కలన్నీ హద్దుల లోపలే ఉన్నాయి, కాబట్టి రెండు పద్ధతులకూ పొంతన ఉంది' అని రాసేస్తారు. ఆ హద్దులను ఆ చుక్కల నుంచే గీశాం కదా! పరికరం ఎంత చెడ్డదైనా చుక్కల్లో చాలా భాగం లోపలే పడతాయి. ఇక్కడా 17లో 16 లోపలే ఉన్నాయి, మైనస్ 81 ఒక్కటే బయటపడింది. చూడాల్సింది లోపల ఎన్ని ఉన్నాయన్నది కాదు, హద్దుల మధ్య ఎడం ఎంతన్నది. ఎంత ఎడం భరించగలమన్నది బొమ్మ చెప్పదు, ఆ రంగం తెలిసినవాళ్లు కొలవకముందే చెప్పాలి. ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం అలాంటి గీటురాయి పెట్టింది: షుగర్ 100 కంటే తక్కువుంటే తేడా 15 మిల్లీగ్రాములు, అంతకు మించితే 15 శాతం దాటకూడదు, నూటికి 95 రీడింగులైనా ఆ లోపల ఉండాలి.

పై కొలతకు శాతం పెట్టడం వెనక బొమ్మలో తరచూ కనిపించే ఒక ఆకారం ఉంది. అంకెలు పెరిగేకొద్దీ చుక్కలు గరాటు నోరులా విచ్చుకుంటాయి. అప్పుడు సమాంతరంగా గీసిన హద్దులు ఎడమవైపు మరీ వెడల్పుగా, కుడివైపు చాలని విధంగా ఉంటాయి. తేడాను శాతంగా మార్చి మళ్లీ గీయాలి.

17 మంది తక్కువే కాబట్టి హద్దులు కూడా అంచనాలే. మైనస్ 79.7 అన్న కింది హద్దు మైనస్ 114 నుంచి మైనస్ 45 దాకా ఎక్కడైనా ఉండొచ్చు.

ఇంత చెదురుకు తప్పు ఏ మీటర్‌ది? ఒక్కొక్కరు ఒక్కో మీటర్‌లో రెండుసార్లు ఊదారు కాబట్టి అదీ తెలుస్తుంది. పెద్ద మీటర్‌పై ఒకే మనిషి రెండు ఊదుళ్ల మధ్య తేడా సుమారు 43 దాకా ఉండొచ్చు, చిన్నదానిపై 56 దాకా. ఒకరికి చిన్న మీటర్ ఒకసారి 364, వెంటనే 460 చూపింది. అయితే ఊదుడులో వచ్చే ఈ హెచ్చుతగ్గులే కారణమైతే రెండు మీటర్ల మధ్య హద్దులు 50 దగ్గర ఆగాలి. 78 దాకా వెళ్లాయంటే, కొందరి విషయంలో మీటర్లే వేర్వేరుగా పలుకుతున్నాయన్నమాట.

అందుకే మీటర్ మార్చకుండా వాడటం మేలు. ఒక రోగికి ఇదే చిన్న మీటర్‌పై నిన్న 450, ఇవాళ 380 వస్తే, ఆ 70 తగ్గుదల 56 కంటే ఎక్కువ, డాక్టర్‌కు చెప్పాలి. నిన్నటి 450 ఆసుపత్రిలోని పెద్ద మీటర్‌ది, ఇవాళ్టి 380 ఇంట్లో చిన్నదానిది అయితే, ఆ 70 పొంతన హద్దుల లోపలే ఉంది. ఊపిరి తగ్గిందో, మీటర్ మారిందో దాన్నిబట్టి చెప్పలేం.