పడకగదిలో ప్రేక్షకుడు

చైతన్య, సాహితి కల్పిత పాత్రలు. వాళ్ల ఇబ్బంది మాత్రం కల్పితం కాదు. సెక్స్ థెరపిస్టుల గదుల్లో తరచూ వినిపించేదే. ఇద్దరు మనుషుల కథగా చెబితేనే ఇందులో ఏది ఎక్కడ తెగిందో, మళ్లీ ఎక్కడ అతికిందో తెలుస్తుంది కాబట్టి అలాగే చెబుతాను.

చైతన్యది గుంటూరు. వయసు 31. డాలస్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజినీరు. మాఘమాసంలో పెళ్లి, సెలవు మూడు వారాలు. శోభనం ఖమ్మంలో అత్తగారింట్లో. పక్కగదిలో నిద్రపోని చుట్టాలు. అంగస్తంభన వచ్చింది, సరిగ్గా కలవబోయే సమయానికి పోయింది. మరుసటి రాత్రీ అంతే. "బడలికగా ఉందేమోలెండి" అని సాహితే సర్దిచెప్పింది. అతను అమెరికా వెళ్లిపోయాడు. ఆమె డిపెండెంట్ వీసా మీద రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లోనే అసలు ముడి బిగుసుకుంది. ఇంజినీరింగ్ హాస్టల్లో మొదలైన పోర్న్ అలవాటు అతనికి అప్పటికే ఉంది. ఇండియా టీముతో అర్ధరాత్రి దాకా కాల్స్, తర్వాత ఖాళీ ఫ్లాట్, నిద్ర పట్టడానికి ఫోను. పెళ్లికి ముందు అది కాలక్షేపం. పెళ్లయ్యాక పరీక్ష అయింది. "నాలో లోపం ఉందా?" అని రోజూ వీడియో పెట్టుకుని సరిచూసుకునేవాడు. వీడియో ముందు ఏ ఇబ్బందీ లేదు. సాహితి వచ్చాక మళ్లీ విఫలమయ్యేసరికి, తన శరీరం తెరకే అలవాటుపడిపోయిందని తీర్మానించేసుకున్నాడు.

ఆన్‌లైన్‌లో ఎవరో 90 రోజులు మానేస్తే మెదడు మళ్లీ మొదటి స్థితికి వస్తుందని చెప్పారు. క్యాలెండర్ మీద గీతలు మొదలయ్యాయి. ఇరవయ్యో రోజునో ముప్పయ్యో రోజునో జారడం, మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఆ 90 అనే అంకె వెనక గట్టి వైద్యశాస్త్ర ఆధారమేమీ లేదు. దానివల్ల అతనికి జరిగిందల్లా, పడకగదిలో ఉన్న పరీక్షకు తోడు క్యాలెండర్ మీద ఇంకో పరీక్ష చేరడం. తొంభయ్యో రోజుకు చేరినా ఆ రాత్రి అతను ఎంత కంగారుగా ఉండేవాడో ఊహించుకోవచ్చు.

తర్వాత ఒక స్నేహితుడు హైదరాబాద్ నుంచి తెచ్చిన సిల్డెనఫిల్ మాత్ర ఇచ్చాడు. వేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడు. పనిచేయలేదు. మాత్రకు కూడా లొంగని జబ్బని ఇంకా భయపడ్డాడు. నిజానికి ఆ మాత్ర కోరికను పుట్టించదు. కోరిక కలిగినప్పుడు అంగంలోని రక్తనాళాలు విప్పారడానికి సాయపడుతుంది, అంతే. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు దాన్ని వేసుకుంటే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. డాక్టరు చీటీ లేకుండా చేతులు మారాల్సిన మాత్ర కాదది.

చివరికి పట్టుబట్టింది సాహితి. "మీ ఆఫీసు వాళ్లిచ్చే కౌన్సెలింగ్ ఉందన్నారుగా. మీరు ఫోన్ చేయకపోతే నేను చేస్తాను" అంది. అక్కడ చాలా కంపెనీలు ఉద్యోగులకు కొన్ని సెషన్లు ఉచితంగా ఇప్పిస్తాయి. ఎవరు వచ్చారన్నది యాజమాన్యానికి చెప్పరు. అక్కడి నుంచి అతన్ని సెక్స్ థెరపీలో శిక్షణ, టెక్సస్‌లో లైసెన్సు ఉన్న ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఈ పని మొత్తం మాటలతోనే జరుగుతుంది. ఆ గదిలో ఎవరూ బట్టలు విప్పరు, ఎవరూ ఎవరినీ తాకరు. అలా కాకుండా మరోలా చెప్పేవాళ్లు ఎదురైతే లేచి వచ్చేయాలి.

యాభై దాటిన ఆవిడ మొదట మూడు సంగతులు అడిగింది. పొద్దున నిద్రలేచేటప్పుడు స్తంభన ఉంటోందా? ఒంటరిగా ఉన్నప్పుడు? భార్యతో ఉన్నప్పుడు సరిగ్గా ఏ క్షణాన పోతోంది? మొదటి రెండింటికీ చైతన్య జవాబు "ఉంటోంది". మూడోదానికి కాసేపు ఆలోచించి, "ఇప్పుడు ఉంటుందా పోతుందా అని చూసుకున్న క్షణాన" అన్నాడు.

ఆ జవాబులోనే సగం రోగనిర్ధారణ ఉంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, కలలు వచ్చే దశల్లో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు దానంతటదే స్తంభన వస్తుంది. అది నిక్షేపంగా ఉందంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే. అయినా ఆవిడ అతన్ని ముందు డాక్టరు దగ్గరికి పంపింది. బీపీ, రక్తంలో చక్కెర, కొలెస్టరాల్, ఉదయం పూట తీసే టెస్టోస్టిరాన్ చూశారు. వాడుతున్న మందులేమిటో అడిగారు. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు కూడా ఈ ఇబ్బంది తెస్తాయి. అన్నీ మామూలుగానే వచ్చాయి. ఇదే సమస్య మెల్లమెల్లగా పెరుగుతూ, పొద్దుటి స్తంభన కూడా తగ్గిపోతూ ఉంటే కథ వేరేగా ఉండేది. మధుమేహానికో గుండె రక్తనాళాల జబ్బుకో అది తొలి సంకేతం కావచ్చు. అలాంటప్పుడు కౌన్సెలింగ్ ఒక్కటే చేస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

భయం ఈ పని ఎలా చేస్తుందో ఆవిడ విడమరచి చెప్పింది. మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు పనిచేసే నరాలు అంగంలోని రక్తనాళాలను సడలిస్తాయి, రక్తం నిండుతుంది. కంగారు పడితే అడ్రినలిన్ విడుదలై అవే నాళాలు బిగుసుకుంటాయి. పాము కనిపించినప్పుడు పరుగెత్తడానికి ఉన్న ఏర్పాటు అది. "పోతుందేమో" అన్న భయం కూడా శరీరానికి పాములాంటిదే. మాత్ర కూడా అందుకే ఓడిపోయింది. సెక్స్ థెరపీకి పునాది వేసిన అమెరికన్ జంట మాస్టర్స్, జాన్సన్ 1970లో వేసిన పుస్తకంలో ఈ స్థితిని వివరించారు. మనిషి అనుభవంలో పాల్గొనడం మానేసి, పక్కన నిలబడి తనను తానే చూసుకుంటుంటాడు.

మరి పోర్న్ పాత్ర ఏమిటి? చైతన్య అడిగింది ఇదే. చూడటం వల్లే అంగస్తంభన దెబ్బతింటుందని పరిశోధనలు ఏకాభిప్రాయంతో తేల్చలేదని ఆవిడ ఒప్పుకుంది. తప్పు చేస్తున్నానన్న బాధ, అదుపు తప్పిందన్న భావన ఉన్నవాళ్లలో ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా రోగాల వర్గీకరణ 2022 నుంచి అమల్లో ఉంది. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను అది ఒక రుగ్మతగా గుర్తించింది. అయితే కేవలం నైతిక అపరాధభావం వల్ల కలిగే బాధ సరిపోదని అందులోనే రాసి ఉంది. చైతన్య ఉద్యోగం పాడుచేసుకోలేదు, మిగతా పనులు మానేయలేదు. కాబట్టి ఆవిడ అతనికి వ్యసనం అనే ముద్ర వేయలేదు.

కానీ అలవాటు నేర్పిన పాఠాలు మాత్రం ఉన్నాయి. నిమిషానికో కొత్త దృశ్యం, గట్టి పట్టు, తొందరగా ముగించాలన్న హడావిడి. పదేళ్లు ఇలా సాగాక నిజమైన మనిషి స్పర్శ నెమ్మదిగా, ఊహించలేనట్టుగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, తెర ముందు అతను ఎప్పుడూ చూసేవాడే. సాహితి పక్కన కూడా చూసేవాడిగానే ఉండిపోయాడు. ఈసారి చూస్తున్నది తనను.

రెండో సెషన్‌కు సాహితి కూడా వచ్చింది. వీడియోల సంగతి ఆమెకు అక్కడే తెలిసింది. "నేను బాగోలేననే కదా?" అని ఏడ్చింది. ఆ గంటంతా దానికే పోయింది, పోనిచ్చారు కూడా. చాలాచోట్ల ఇక్కడే తొందరపడతారు. గుంటూరు నుంచి అత్తగారు, ఖమ్మం నుంచి అమ్మ వారానికోసారి "ఏమన్నా విశేషమా?" అని అడుగుతుంటే, ఆ ప్రశ్నకు ఇన్నాళ్లూ ఒంటరిగా నవ్వుతూ జవాబు చెప్పింది ఆమే. ఆ ఫోన్లు ఇకనుంచి చైతన్య తీసుకోవాలన్నది మొదటి హోంవర్కు.

రెండోది వాళ్లకు వింతగా తోచింది. కలయిక నిషేధం. దీన్ని సెన్సేట్ ఫోకస్ అంటారు, మాస్టర్స్, జాన్సన్‌లు రూపొందించిన పద్ధతే. వారానికి రెండు మూడుసార్లు, అరగంట, ఫోన్లు బయట పెట్టి ఒకరినొకరు వంతులవారీగా తాకాలి. వక్షం, జననాంగాలు మినహా. రెచ్చగొట్టడానికి కాదు, వేళ్ల కింద వెచ్చదనం, నునుపు, బరువు ఎలా ఉన్నాయో గమనించడానికి. మనసు "ఉందా, పోయిందా" వైపు వెళితే మళ్లీ చేతిమీదికి తెచ్చుకోవాలి. కలయికే లేదు గనుక విఫలమవడానికీ ఏమీ లేదు. రెండు మూడు వారాలకు జననాంగాల స్పర్శ కూడా చేర్చారు. ఆ తర్వాతి అభ్యాసం చైతన్యకు నిజంగా అవసరమైనది. స్తంభన వచ్చాక కావాలనే ఆపి, పూర్తిగా తగ్గనిచ్చి, మళ్లీ స్పర్శ మొదలుపెట్టడం. పోయింది తిరిగి వస్తుందని అతని శరీరం మొదటిసారి ప్రత్యక్షంగా తెలుసుకున్నది అక్కడే.

ఒంటరిగా ఉన్నప్పటి అలవాటుకు వేరే ఏర్పాటు. రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్‌లో. హస్తప్రయోగం తప్పని ఆవిడ అనలేదు. వీడియో లేకుండా, తేలికపాటి స్పర్శతో, తొందర లేకుండా అంది. గీతల క్యాలెండర్ చించేయమంది. మళ్లీ చూస్తే ఎన్నింటికి, అంతకుముందు ఏం జరిగిందో ఒక వాక్యం రాసుకోవాలి. నెల తిరిగేసరికి ఆ కాగితం మీద ఒకే సంగతి పదేపదే కనిపించింది. ఇండియా కాల్ మాటపడి ముగిసిన రాత్రులు. దాంతో కాల్స్‌ను వారానికి రెండు రోజులకు మార్చమని మేనేజర్ని అడిగాడు. అది కామంతో వచ్చిన అలవాటు కాదు, అవమానాన్ని మరిచిపోవడానికి వచ్చినది.

ఐదో వారంలో ఇద్దరూ నిషేధం తప్పారు. అంతా బాగుందనిపించి ముందుకు వెళ్లారు, మళ్లీ పోయింది. చైతన్య తలవంచుకుని చెబితే కౌన్సెలర్ తేలిగ్గా తీసుకుంది. దాదాపు అన్ని జంటలూ ఎప్పుడో ఒకప్పుడు తప్పేవాళ్లేనట. ఒక మెట్టు వెనక్కి వెళ్లి మొదలుపెట్టారు. తర్వాత కదలిక లేకుండా కలిసి ఉండటం, ఆపైన నెమ్మదిగా మిగతాది. నాలుగు నెలల చివర కలయిక ఇద్దరికీ మామూలు విషయమైంది.

చివరి సెషన్‌లో ఆవిడ ఒకే కాగితం రాయించింది, ఇద్దరి చేతా. ఎప్పుడైనా స్తంభన పోతే ఎవరూ క్షమాపణ చెప్పుకోకూడదు, ఆ రాత్రి స్పర్శతో ఆగిపోవచ్చు. వరసగా రెండుసార్లు జరిగితే వారం రోజులు మళ్లీ నిషేధం. నవంబరులో ఆఫీసులో రిలీజ్ ఒత్తిడి పెరిగినప్పుడు ఆ అవసరం రానే వచ్చింది. ఈసారి కౌన్సెలర్‌కు ఫోన్ చేయలేదు. నిషేధం ప్రకటించింది సాహితి. వారం పూర్తి కాకముందే మళ్లీ తప్పారు, ఈసారి ఇబ్బంది రాలేదు.