సీసాలో ఐరన్ ఎంత? పాపకు కావలసింది ఎంత?

పసిపిల్లల ఐరన్ సీసాలు నాలుగు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని మీద మిల్లీలీటరుకు ఇంత అని ఉంటుంది. ఇంకోదాని మీద అయిదు మిల్లీలీటర్లకు ఇంత అని ఉంటుంది. మరొకదాని మీద పెద్ద అంకె కనిపిస్తుంది కానీ అది ఐరన్ బరువు కాదు, ఐరన్‌తో కలిసి ఉన్న లవణం బరువు. డాక్టరు రాసిన మందు దొరక్కపోతే షాపులో ‘అదే మందండీ, కంపెనీ వేరు’ అని ఇంకో సీసా ఇస్తారు. ఇంటికొచ్చాక పాత కొలతతోనే పోస్తాం. బిడ్డకు రోజూ మందు పడుతూనే ఉంటుంది, రక్తం మాత్రం పెరగదు.

డాక్టరు లెక్క మొదలయ్యేది మిల్లీలీటర్లతో కాదు, బిడ్డ బరువుతో. ఐరన్ లోపం వల్ల రక్తహీనత వచ్చిన పసిపిల్లలకు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ ఇస్తారు. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు దీన్ని 6 దాకా పెంచుతారు. ఎలిమెంటల్ ఐరన్ అంటే లవణాన్ని తీసేయగా మిగిలే అసలు ఇనుము. ఫెర్రస్ సల్ఫేట్‌లో అది అయిదో వంతు మాత్రమే, ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతు, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో ఎనిమిదో వంతు. అమెరికాలో దొరికే పిల్లల డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 75 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ ఉంటే అందులో ఇనుము 15 మిల్లీగ్రాములే. అక్కడున్న కూతురికి ఇక్కడి అమ్మమ్మ ఫోన్లో ‘ఒక మిల్లీలీటరు పొయ్యవే’ అని చెప్పకూడనిది ఇందుకే.

ఒక పాపను ఊహించుకుని లెక్క వేద్దాం. వయసు 14 నెలలు, బరువు 8 కిలోలు, హిమోగ్లోబిన్ 8.4. ఈ వయసు పిల్లలకు 11 కంటే తగ్గితే రక్తహీనత అని మన ప్రభుత్వ కార్యక్రమాలు లెక్కిస్తాయి. 7 కంటే తగ్గితే తీవ్రమైనట్టు, ఆ బిడ్డకు ఇంట్లో సీసా వైద్యం సరిపోదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన పాపది మధ్యస్థం. ఎనిమిదిని మూడుతో హెచ్చిస్తే రోజుకు 24 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న డ్రాప్స్ అయితే 2.4 మిల్లీలీటర్లు పొయ్యాలి. అయిదు మిల్లీలీటర్లకు 30 ఉన్న సిరప్ అయితే 4 మిల్లీలీటర్లు. ఇప్పుడు డ్రాప్స్ అయిపోయి సిరప్ తెచ్చారనుకోండి. పాత అలవాటున 2.4 మిల్లీలీటర్లే పోస్తే పాపకు అందేది 14 మిల్లీగ్రాముల చిల్లర, అంటే కిలోకు రెండు కూడా లేదు. పొరపాటు అటు నుంచి ఇటు జరిగితే మోతాదు అదే దామాషాలో పెరిగిపోతుంది. అందుకని మందు మారిన ప్రతిసారీ ‘ఎలిమెంటల్ ఐరన్ ఎంత, ఎన్ని మిల్లీలీటర్లలో’ అన్న ఒక్క వాక్యం సీసా మీద వెతికి చదవాలి. కొలవడానికి వంటింటి చెంచా వద్దు. ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజితో కొలవండి.

ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో ఇచ్చే సీసాతో ఇంకో రకం గందరగోళం ఉంది. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద 6 నెలలు నిండి అయిదేళ్ల లోపున్న పిల్లలకు ఇచ్చే ఆ సిరప్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. అంటే వారానికి 40 మిల్లీగ్రాములు. అది రక్తహీనత రాకుండా కాచుకోవడానికి. మన పాపకు వైద్యంగా కావలసింది వారానికి 168. నాలుగు రెట్లకు పైనే తేడా. రక్తహీనత వచ్చేసిన బిడ్డకు ‘సీసా ఎలాగూ పోస్తున్నాం కదా’ అని ఊరుకుంటే ఆ లోటు పూడదు. అదే సిరప్‌ను వైద్యానికీ వాడొచ్చు, కానీ అప్పుడు కొలత, రోజులు రెండూ ఆరోగ్య కేంద్రంలో వేరుగా రాసివ్వాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇన్ని ఇళ్లలో ఈ తేడా తెలియాల్సి ఉంది.

ఇక ఎంతకాలం? నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే, ఎందుకంటే ఎక్కువమంది సగంలో ఆపేస్తారు. ఎందుకు సగమో పాప ఒంట్లోని లెక్కే చెబుతుంది. కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున 8 కిలోల పాప ఒంట్లో సుమారు 640 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్‌ను 8.4 నుంచి 12కు తీసుకురావాలంటే ఆ రక్తంలో 23 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారవ్వాలి. గ్రాము హిమోగ్లోబిన్‌కు 3.4 మిల్లీగ్రాముల ఇనుము పడుతుంది. వెరసి దగ్గర దగ్గర 80 మిల్లీగ్రాములు. అయితే నోట్లో పోసిన 24 మిల్లీగ్రాములూ రక్తంలోకి చేరవు. పేగు పీల్చుకునేది ఏ పదో వంతో అనుకుంటే రోజుకు రెండున్నరకు లోపే. ఆ 80 పూడటానికి ఒక్క రోజు కూడా తప్పకుండా పోసినా నెల దాటుతుంది.

ఒంట్లో ఇనుము ఉండేది రక్తంలో ఒక్కచోటే కాదు. కాలేయంలో, ఎముక మజ్జలో నిల్వ ఉంటుంది. రక్తహీనత బయటపడేనాటికే ఆ నిల్వ ఖాళీ అయిపోయి ఉంటుంది, ఎందుకంటే శరీరం ముందు ఆ గాదెను ఊడ్చుకుని, ఆ తర్వాతే రక్తంలో లోటు చూపిస్తుంది. దాన్ని మళ్లీ నింపడానికి కిలోకు 10 మిల్లీగ్రాములు అనుకున్నా ఇంకో 80 కావాలి. అంటే రిపోర్టులో హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిన రోజున పని జరిగింది సగమే. పైగా నిల్వ పెరిగేకొద్దీ పేగు పీల్చుకోవడం తగ్గించేస్తుంది, పాప పెరుగుదలకూ రోజూ కొంత ఖర్చవుతుంటుంది. పిల్లల డాక్టర్లు హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక కూడా రెండు మూడు నెలలు అదే మందు కొనసాగించమనడం ఇందుకే. మొత్తం మీద మూడు నుంచి ఆరు నెలలు. ప్రభుత్వ కార్యక్రమంలో పద్ధతి కొంచెం వేరు. రెండు నెలలు పూర్తి మోతాదు ఇచ్చి, హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వస్తే వారానికి రెండుసార్ల మోతాదుకు మారుస్తారు. ఏ దారిలో వెళ్లినా రిపోర్టు బాగుందని సీసాను పూర్తిగా పక్కన పెట్టేయడం మాత్రం లేదు. ఈ నెలల్లో బరువు పెరుగుతుంది కనుక లెక్కా మారాలి. పాప 9 కిలోలైతే 24 కాదు, 27.

రోజుకు మూడుసార్లు పోయాలన్న పాత పద్ధతి చాలా ఇళ్లలో మందు మానేయడానికి కారణమవుతుంది. ఒక్కసారి చాలు. అమెరికాలోని డల్లాస్‌లో 80 మంది చిన్నపిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు ఒక్కసారి, రాత్రిపూట, కిలోకు 3 మిల్లీగ్రాములే ఇచ్చారు. ఫెర్రస్ సల్ఫేట్ తీసుకున్న పిల్లల సగటు హిమోగ్లోబిన్ 12 వారాల్లో 7.9 నుంచి 11.9కి చేరింది. ఒక్కసారైతే వేళ గుర్తుంటుంది, పాలకూ మందుకూ మధ్య ఎడం పెట్టడమూ సులువు.

ఆ ఎడం చాలా అవసరం. పాలలోని క్యాల్షియం, టీలోని టానిన్లు ఐరన్‌ను పేగులో పీల్చుకోనివ్వవు. భోజనానికీ భోజనానికీ మధ్య, కాస్త బత్తాయి రసంతో ఇస్తే బాగా పడుతుంది. కడుపులో తిప్పి వాంతి చేసుకుంటుంటే మానేసే బదులు తిన్నాక ఇవ్వండి, పీల్చుకునేది కొంత తగ్గినా నయమే. మందు నాలుక వెనకభాగంలో, బుగ్గ వైపు పోస్తే పళ్లకు మరక తక్కువ. మరకపడినా అది పైపైనే, శాశ్వతం కాదు. మలం నల్లగా రావడమూ సహజమే. నిజానికి మందు లోపలికి వెళుతోందనడానికి అదొక గుర్తు.

నెల తర్వాత రక్తపరీక్ష తప్పక చేయించాలి. హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరిగిందా? మన పాపకు 9.4 దాటిందా? దాటితే జబ్బు ఐరన్ లోపమేనని, మందు పనిచేస్తోందని రెండూ ఒకేసారి తేలినట్టే. పెరగకపోతే మోతాదు పెంచేయడం కాదు, కారణం వెతకాలి. మొదట అడగాల్సింది మందు నిజంగా ఎన్ని రోజులు పడిందని, ఏ సీసాతో, ఏ కొలతతో అని. రెండోది పాలు. ఏడాది దాటిన పిల్లలు కొందరు రోజుకు ముప్పావు లీటరు, లీటరు గేదె పాలతోనే గడిపేస్తారు. ఆ పాలలో ఇనుము అంతంతమాత్రం, పైగా కడుపు నిండిపోయి పప్పన్నం, ఆకుకూర, గుడ్డు ముట్టరు. అర లీటరు దాటనివ్వకపోవడం వైద్యంలో భాగమే. ఈ రెండూ సరిగ్గానే ఉంటే నులిపురుగుల వంటి వాటి వల్ల రక్తం పోతోందా, లేదా ఇది అసలు తలసీమియా లక్షణమా అని చూడాలి. తలసీమియా మైనర్‌లోనూ ఎర్రకణాలు ఐరన్ లోపంలో లాగే చిన్నవిగా కనిపిస్తాయి, కానీ ఎన్ని సీసాలు పోసినా హిమోగ్లోబిన్ కదలదు. హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షతో అది తేలుతుంది. ఇది తెలియకుండా నెలల తరబడి ఐరన్ పోస్తూ పోవడం బిడ్డకు మేలు కాదు.

చివరగా, అల్మారా సంగతి. కిలోకు 3 మిల్లీగ్రాములు మందైతే, ఒక్కసారిగా 20 దాటితే విషమయ్యే అవకాశం మొదలవుతుంది, 60 దాటితే ప్రాణాపాయం. గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. తల్లి బల్ల మీద మరిచిపోయిన ఆ మాత్రలు, మిఠాయి అనుకుని మన 8 కిలోల పాప మూడు మింగితే 20 దాటినట్టే, ఎనిమిది మింగితే 60కి చేరినట్టే. మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి. తర్వాత కొన్ని గంటలు తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ తేరుకోవడాన్ని నమ్మకూడదు, రెండో రోజున ఒక్కసారిగా క్షీణించవచ్చు. మింగిందన్న అనుమానం రాగానే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలేవీ వద్దు. మిగిలిన మాత్రల అట్టో సీసానో చేతపట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. దాని మీది అంకె, పాప బరువు తెలిస్తే అక్కడి డాక్టరు కిలోకు ఎంత పడిందో లెక్కగట్టి చికిత్స మొదలుపెడతారు.