గుటక పడని పూట సర్‌కి రాసే మెసేజ్

మంగళవారం పొద్దున పది గంటలకు ల్యాబ్ ఇంటర్నల్. ఆదివారం రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోంది, గుటక వేస్తే గొంతులో ముల్లు దిగినట్టుంది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి పరిస్థితి ఇదీ అనుకుందాం. సోమవారం ఆమె ఫోన్ తీసి మొదట టైప్ చేసేది దాదాపు ఇలా ఉంటుంది: “గుడ్ మార్నింగ్ సర్. నాకు ఒంట్లో అస్సలు బాగోలేదు. రేపు ఎగ్జామ్‌కి రాలేను. దయచేసి పోస్ట్‌పోన్ చేయండి సర్, ప్లీజ్.”

ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అయినా దీన్ని చదివిన అధ్యాపకుడికి ఏం చేయాలో తోచదు. ఆయన మూడు సెక్షన్లకు పాఠం చెబుతారు, ఈ నంబరు ఆయన ఫోన్‌లో సేవ్ అయి ఉండదు. రాసింది ఎవరో, ఏ సెక్షనో తెలియదు. వాయిదా ఎప్పటి దాకా కావాలో తెలియదు. పరీక్ష మొత్తం ఆపమంటోందా, తనకొక్కదానికే వేరే రోజు ఇమ్మంటోందా అన్నదీ తేలదు. మొదటిది ఆయన చేయలేరు, అరవై మంది తయారై కూర్చున్నారు. రెండోది చేయగలరేమో. కానీ మెసేజ్‌లో ఆ మాటే లేదు.

కాబట్టి రాసే ముందు తేల్చుకోవాల్సింది, అసలు ఈ పరీక్షను జరిపే అధికారం ఎవరిది అన్నది. సెమిస్టర్ చివరి థియరీ పరీక్షల టైంటేబుల్ యూనివర్సిటీది. అటానమస్ కాలేజీ అయితే ఎగ్జామ్ బ్రాంచ్‌ది. పాఠం చెప్పే సర్‌ని ఎంత బతిమాలినా ఆ తేదీ కదలదు. అక్కడ ఉన్న దారులు రెండే: వెళ్లగలిగితే వెళ్లి రాయడం, లేకపోతే వదిలేసి సప్లిమెంటరీలో రాసుకోవడం. మిడ్ పరీక్షకు కొంత వెసులుబాటు ఉండొచ్చు. నిజంగా అనారోగ్యంతో రాలేకపోయినవాళ్లకు కాలేజీ కమిటీ సిఫార్సుతో మరో పరీక్ష పెట్టే నిబంధన కొన్నిచోట్ల ఉంది. ఏ రెగ్యులేషన్ కింద చేరారో ఆ పుస్తకంలో “మిడ్ టర్మ్” భాగం తిరగేస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

ల్యాబ్ ఇంటర్నల్ దారి వేరు. దాన్ని నడిపేది సబ్జెక్టు అధ్యాపకుడే. పైగా కంప్యూటర్లు చాలవు కాబట్టి సెక్షన్‌ను రెండు మూడు బ్యాచ్‌లు చేసి వేర్వేరు రోజుల్లో పెడతారు. మన అమ్మాయి కాలేజీలో మొదటి బ్యాచ్ మంగళవారం, రెండోది బుధవారం, మూడోది గురువారం. అంటే ఆమెకు కావలసింది వాయిదా కానే కాదు, బ్యాచ్ మార్పు. పరీక్ష వాయిదా వేయమంటే ఏ అధ్యాపకుడైనా ముందు వెనకాడతారు. ఒక పేరును మొదటి జాబితాలోంచి తీసి మూడో జాబితాలో రాయమంటే ఆయనకు కొత్త పని ఏమీ పడదు, కొత్త ప్రశ్నపత్రం తయారు చేయనక్కర్లేదు, ఎవరి సంతకమూ అడగక్కర్లేదు. ఇంత తేలికైన దారి ఉండగా, అది తెలియక “పోస్ట్‌పోన్” అని పెద్ద మాట వాడి కాదనిపించుకునే పిల్లలను చూస్తే బాధగా ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న: బుధవారమా, గురువారమా? దీనికి జవాబు గొంతు చెప్పాలి. మనం అంచనా వేసి చెప్పేది కాదు.

గొంతు నొప్పులు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం ఉంటే దాదాపు అదే అనుకోవాలి. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఉప్పునీళ్లు పుక్కిలించడం, జ్వరానికి పారాసిటమాల్, విశ్రాంతి, అంతే. సాధారణంగా వారంలోపు దానంతటదే తగ్గుతుంది. తక్కువమందిలో మాత్రం స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అప్పుడు దగ్గూ జలుబూ ఉండవు. జ్వరం ఉన్నట్టుండి వస్తుంది, దవడ కింద బిళ్లలు కట్టి ముట్టుకుంటే నొప్పి పుడతాయి, నోరు తెరిచి చూస్తే ఎర్రగా వాచిన టాన్సిల్స్ మీద తెల్లని పొర కనిపిస్తుంది. ఈ గుర్తులు నాలుగూ ఉన్నా అది స్ట్రెప్టోకాకస్సే అని ఖాయంగా చెప్పలేం. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. అందుకే డాక్టరుకు చూపించకుండా మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవడం తగదు.

మన అమ్మాయి సోమవారం పదకొండు గంటలకు డాక్టరు దగ్గరకు వెళ్లింది. ఆయన నమూనా తీసి చూసి బ్యాక్టీరియానే అన్నారు, పది రోజులకు యాంటీబయాటిక్ రాశారు. మధ్యాహ్నం పన్నెండుకు మొదటి మాత్ర పడింది. పొరపాటు పడే చోటు ఇదే. చీటీ మీద పది రోజులు అని ఉంది కదా అని పది రోజులు గడువు అడిగేవాళ్లున్నారు. పది రోజులు మందు వాడాలి గానీ పది రోజులు మంచం మీద ఉండాలని కాదు. జ్వరం తగ్గినా పూర్తిగా వాడమనడానికి కారణం ఉంది. ఈ బ్యాక్టీరియాను సగంలో వదిలేస్తే కొందరిలో, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, తర్వాత కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పరీక్షకు లెక్క వేసుకోవాల్సింది వేరే గడువు. మందు మొదలుపెట్టిన 24 గంటలకు పక్కవాళ్లకు అంటించే అవకాశం బాగా తగ్గిపోతుంది. జ్వరం మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో దిగుతుంది.

లెక్క ఇప్పుడు సులువు. మంగళవారం పది గంటలకు మందు మొదలై 24 గంటలు కూడా నిండవు. ఏసీ గదిలో పక్కపక్కన కూర్చునే ల్యాబ్‌లోకి ఆ స్థితిలో వెళ్లడం మిగతావాళ్లకూ మంచిది కాదు. పైగా ఇది వైవా ఉన్న పరీక్ష. పావుగంట సేపు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి, గుటక వేయడానికే లేని గొంతుతో అది అయ్యే పని కాదు. బుధవారానికి అంటించే భయం పోతుంది గానీ జ్వరం దిగుతుందో లేదో చెప్పలేం. గురువారం అయితే మూడు రోజులు గడుస్తాయి. అందుకే గురువారం అడగాలి.

మూడోది కాగితం. డాక్టరు తను చూసిన రోజున, చూసిన జబ్బుకే సర్టిఫికెట్ ఇవ్వగలరు. కాబట్టి చీటీ రాయించుకునేటప్పుడే అడగాలి, వారం తర్వాత వెళ్లి పాత తేదీ వేసి ఇమ్మంటే మంచి డాక్టరెవరూ ఇవ్వరు. వైద్యుల నియమావళి ప్రకారం వాళ్లు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్లకు ఒక రిజిస్టరు ఉంచాలి, మనిషి గుర్తుకు పుట్టుమచ్చల వంటివి రాసుకోవాలి, కాపీ దాచాలి. కాగితం మీద తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్ని రోజుల విశ్రాంతి అన్నది స్పష్టంగా ఉన్నాయేమో అక్కడే చూసుకోవాలి. విశ్రాంతి రోజులు రాయని చీటీ జబ్బు ఉందని చెబుతుందే తప్ప, పరీక్షకు రాలేరని చెప్పదు.

ఇవన్నీ చేతిలో ఉంటే మెసేజ్ దానంతటదే వచ్చేస్తుంది. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె కాలేజీ మెయిల్ నుంచి పంపింది ఇదీ:

“విషయం: డీబీఎంఎస్ ల్యాబ్ ఇంటర్నల్, మంగళవారం బ్యాచ్ నుంచి గురువారం బ్యాచ్‌కి మార్పు కోసం.

సర్, నమస్కారం. నేను మూడో సంవత్సరం సీఎస్‌ఈ బి సెక్షన్, రోల్ నంబరు 47. రేపు పది గంటలకు నాకు ల్యాబ్ ఇంటర్నల్ ఉంది. నిన్న రాత్రి నుంచి జ్వరం, గొంతు ఇన్ఫెక్షన్. ఈరోజు పదకొండింటికి డాక్టరుకు చూపించుకున్నాను. యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, బుధవారం దాకా విశ్రాంతి తీసుకోమన్నారు. ఇప్పుడు నోరు తెరిచి మాట్లాడటం కష్టంగా ఉంది, వైవా చెప్పలేను. వీలైతే నన్ను గురువారం మూడో బ్యాచ్‌లో రాయనివ్వండి సర్. ఆ రోజు ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా సరే. డాక్టరు కాగితం జతచేశాను, ఒరిజినల్ గురువారం తెచ్చి చూపిస్తాను. రికార్డు బుక్ పూర్తయింది, కావాలంటే రేపే మా స్నేహితురాలితో పంపిస్తాను. ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి.”

“ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా సరే” అన్న వాక్యం గమనించండి. ఆలస్యంగా రాసే విద్యార్థి విషయంలో అధ్యాపకుడి మనసులో మెదిలే అనుమానం ఒక్కటే, ముందు బ్యాచ్‌లవాళ్ల నుంచి ప్రశ్నలు తెలుసుకుని వస్తుందేమోనని. ల్యాబ్‌లో స్లిప్పులు తీయించి ప్రోగ్రామ్ ఇస్తారు కాబట్టి అది పెద్దగా నిలవదు, కానీ విద్యార్థే ముందుగా ఆ మాట అంటే ఆయన అనుమానించాల్సిన పనే ఉండదు. జబ్బు గురించి రెండు మూడు వాక్యాలు చాలు. వాచిన టాన్సిల్స్ ఫొటో పంపనక్కర్లేదు, థర్మామీటరు ఫొటో కూడా అక్కర్లేదు. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం అయితే అస్సలు వద్దు. అందరి ముందూ ఒకరికి సరే అనడం ఏ అధ్యాపకుడికైనా ఇబ్బందే, మరో పదిమందికి కూడా జ్వరం వచ్చేస్తుందని ఆయనకు తెలుసు.

సాయంత్రం ఐదు దాకా జవాబు రాకపోతే ఒకసారి వాట్సాప్‌లో “సర్, మెయిల్ పంపాను, చూడగలరా” అని ఒక్క వాక్యం పంపడం తప్పు కాదు. ఆయన కుదరదంటే అప్పుడు హెచ్‌ఓడీని కలవాలి. మొదటి మెయిల్‌లోనే హెచ్‌ఓడీని కలిపి పంపితే మాత్రం ఆయనపై ఫిర్యాదులా కనిపిస్తుంది.

బుధవారం సాయంత్రం మరో రెండు వాక్యాలు రాయాలి: జ్వరం తగ్గిందనీ, రేపు వస్తున్నాననీ. తగ్గకపోతే ఆ సంగతే, మళ్లీ డాక్టరుకు చూపించిన కాగితంతో. ఈలోగా గొంతు నొప్పి ఒకే పక్కకు పెరిగిపోయినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, లాలాజలం కూడా మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా అది టాన్సిల్ పక్కన చీము చేరిన గుర్తు కావచ్చు. అప్పుడు పరీక్ష సంగతి ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి చెబుతారు, ఆమె వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గురువారం పరీక్ష అయ్యాక ఆ డాక్టరు కాగితం కాపీ ఒకటి డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనూ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్యం వల్ల 65 దాకా పడిపోతే ఫీజు కట్టి కండొనేషన్ అడిగే వీలుంది. అది అడిగే రోజుకు ఈ మెయిల్ అక్కరకు రాదు, కాగితమే కావాలి.