లెక్క తేలాక రాయాల్సిన మాట

సీఏ, సీఎంఏ ఇంటర్ పరీక్షల్లోనూ బీకాం పేపర్లలోనూ ఫైనాన్షియల్ రేషియోల ప్రశ్న తరచూ రెండు పనులు అడుగుతుంది: లెక్క కట్టండి, వ్యాఖ్యానించండి. పాత పేపర్లు సాధన చేసే విద్యార్థుల్లో చాలామంది మొదటి పని ముగించి, జవాబు కలిసిందని చూసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. వ్యాఖ్య దగ్గర ‘కరెంట్ రేషియో పెరిగింది, కాబట్టి పరిస్థితి మెరుగుపడింది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ ముక్క ఒక్కోసారి పూర్తిగా తప్పవుతుంది.

పాత పేపర్లలో కనిపించే తరహాలోనే ఒక సంస్థ లెక్కలు చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. మొదటి ఏడాది అమ్మకాలు 400 లక్షలు, అమ్మిన సరుకు ఖర్చు 300 లక్షలు. ఏడాది చివర సరుకు నిల్వ 50, రావలసిన బాకీలు 50, నగదు 20, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు 80 లక్షలు. రెండో ఏడాది అమ్మకాలు 440, సరుకు ఖర్చు 340 లక్షలు. నిల్వ 100, బాకీలు 70, నగదు 5, తీర్చాల్సిన అప్పులు 100 లక్షలు.

కరెంట్ రేషియో 1.5 నుంచి 1.75కు పెరిగింది. అయితే సరుకు నిల్వను పక్కన పెట్టి చూసే క్విక్ రేషియో 0.88 నుంచి 0.75కు పడిపోయింది. వ్యాఖ్య మొదలవ్వాల్సింది ఇక్కడే. ఒకే బ్యాలెన్స్ షీటులో ఒక రేషియో పైకి, మరొకటి కిందికి పోయాయంటే ఆ తేడా సరుకులోనే ఉంది. అమ్మకాలు 10 శాతమే పెరిగితే నిల్వ రెట్టింపైంది. 61 రోజుల అమ్మకానికి సరిపడా ఉండే సరుకు ఇప్పుడు 107 రోజులకు సరిపడా పేరుకుంది. అమ్మకాలన్నీ అరువు మీదే జరిగాయనుకుంటే, బాకీలు వసూలయ్యే గడువు కూడా 46 రోజుల నుంచి 58 రోజులకు సాగింది. స్థూల లాభం రెండేళ్లూ 100 లక్షలే కాబట్టి మార్జిన్ 25 శాతం నుంచి 22.7 శాతానికి తగ్గింది.

ఇవన్నీ కలిపి చదివితే సంస్థ కథ బయటపడుతుంది. అమ్మకాలు పెంచడానికి ధర తగ్గించి, అరువు గడువు పెంచి ఉండవచ్చు. అయినా సరుకు అనుకున్నంత కదల్లేదు. చేతిలో నగదు 5 లక్షలకు చేరింది. అంటే కరెంట్ రేషియో పెరగడం ఇక్కడ బలానికి గుర్తు కాదు, డబ్బు గోదాములో చిక్కుకుపోయిందనడానికి గుర్తు. ‘ఉండవచ్చు’ అన్న మాట కావాలనే వాడాలి. మార్జిన్ ఎందుకు తగ్గిందో రేషియో చెప్పదు. ముడిసరుకు ధర పెరిగినా అదే అంకె వస్తుంది. ప్రశ్నలో ఇవ్వని కారణాన్ని ఖాయంగా రాయడం కూడా తప్పే.

నిల్వ విలువను కూడా అనుమానించాలి. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ప్రకారం సరుకును కొన్న ఖరీదు, అమ్మితే నికరంగా చేతికొచ్చే మొత్తం, ఈ రెంటిలో తక్కువ దానికే లెక్కించాలి. ఈ 100 లక్షల్లో 20 లక్షల సరుకు అమ్ముడుపోనిదని తేలితే కరెంట్ రేషియో 1.55కు, మార్జిన్ 18.2 శాతానికి దిగుతాయి. ఇలాంటి ఒక్క వాక్యం వ్యాఖ్యకు ఎంతో బరువిస్తుంది.

వ్యాపారం స్వభావమూ చూడాలి. గుంటూరు మిర్చి వ్యాపారికి మార్చి చివర నిల్వ ఎక్కువగా ఉండటం సహజం, పంట వచ్చే కాలం అదే. కానీ రెండేళ్ల లెక్కలూ మార్చి 31వే అయినప్పుడు, ఇంత తేడాకు సీజన్ ఒక్కటే కారణమని చెప్పలేం. కరెంట్ రేషియో 2 ఉండాలన్న సూత్రాన్ని కూడా ఏ వ్యాపారమని చూడకుండా వాడకూడదు. రోజూ నగదుకు అమ్మి, సరఫరాదారుకు నెల తర్వాత చెల్లించే సూపర్ మార్కెట్ 1 కంటే తక్కువ రేషియోతోనూ సాఫీగా నడుస్తుంది.

పాత పేపరు చేసేటప్పుడు లెక్క ముగిశాక, అచ్చు జవాబు చూడకముందే, ఏది మారింది, పేపర్లోని ఏ అంకె వల్ల మారింది, దాని ఫలితం ఎవరిమీద పడుతుంది అన్నవి వాక్యాలుగా రాయాలి. పై కేసులో ఆ ఫలితం పడేది అప్పిచ్చినవాళ్ల మీద. వాళ్లకు గడువులోగా డబ్బు అందాలంటే పాత సరుకు అమ్ముడుపోవాలి, లేదా కొత్త అప్పు పుట్టాలి.

ఉద్యోగంలోనూ ఈ పని తప్పదు. 2021 మార్చిలో కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు చేసిన సవరణ ప్రకారం కంపెనీలు 11 రేషియోలను నోట్స్‌లో చూపాలి. ఏదైనా నిరుటితో పోలిస్తే 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. పై సంస్థ కంపెనీ అయితే కరెంట్ రేషియో మార్పు దాదాపు 17 శాతమే కాబట్టి వివరణ అక్కర్లేదు. ఏడాది చివరి నిల్వ మీద కట్టిన స్టాక్ టర్నోవర్ మాత్రం 6 నుంచి 3.4కు, అంటే 43 శాతం పడింది. దానికి సంజాయిషీ రాయక తప్పదు.