ఉండ కట్టని ఉప్మా

ఉప్మాలో ఉండను విరిచి చూడండి, లోపల పొడి రవ్వే ఉంటుంది. వేడినీళ్లు తగలగానే రవ్వ పైపొరలోని పిండిపదార్థం జిగురెక్కి, పక్క పలుకులను అంటించుకుంటుంది. ఆ జిగురు దాటి నీరు లోపలికి పోదు.

వేయించేది అందుకే. గ్లాసు బొంబాయి రవ్వకు చెంచా నెయ్యి చాలు. సన్నని సెగమీద ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉంటే తేమ పోయి, కమ్మని వాసన వస్తుంది. గరిటెతో ఎత్తి పోస్తే ఇసుకలా జారాలి. రంగు మారేదాకా ఆగక్కర్లేదు. దించాక వేరే పళ్లెంలో పోయండి, మూకుడు వేడికే అడుగు మాడిపోతుంది.

పొడిపొడిగా కావాలంటే గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు, మెత్తగా కావాలంటే మూడు. పోపులో పోసిన నీళ్లు తెర్లుతున్నప్పుడు మంట తగ్గించి, ఒక చేత్తో రవ్వను సన్నని ధారగా వదులుతూ రెండో చేత్తో కలపాలి. గోరువెచ్చని నీళ్లలో పోస్తే రవ్వ అడుగుకు చేరి ముద్దవుతుంది. నీళ్లు పీల్చుకున్నాక మూతపెట్టి రెండు నిమిషాలు మగ్గనివ్వండి. అప్పటికీ ఉండలు కనబడితే వేడిమీదే గరిటె వెనకవైపుతో మూకుడు అంచుకు అదిమేయండి, చల్లారితే విడవవు.